పట్టీ అంచు కింది చూపు

తడిమట్టి వాసన తగిలితే నా కాలివేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

నా చిన్నప్పుడు, తిరుత్తణి దగ్గర మా ఊళ్లో భారతం కూత్తు, అంటే వీధినాటకం, చివరి పొద్దు. నేలమీద గుడ్డిరాజు పెద్దకొడుకు తడిమట్టి బొమ్మ చచ్చిపడి ఉంది. రాణి వేషగాడు కళ్లకు గుడ్డ మడతలు కట్టుకుని ఏడుస్తున్నాడు.

"కండ్లు బాగుండాయి గదా అవ్వా, ఎందుకు కట్టుకునింది?" పక్కనున్న మా అవ్వను అడిగాను.

"మొగుడు చూడలేంది తాను చూడగూడదని. కట్టుకోమని ఎవురూ చెప్పలే. ఆ అంచు కింద ఒక్క చూపు పడేసరికి ధర్మరాజు కాలిగోళ్లు నల్లబడినాయి. నువ్వు కాళ్లు దాచుకో మే."

పావడా కింద దాచుకునేలోపే రాణి నా వైపు తిరిగింది. అంచు కింద ఏదో మెరిసింది. తర్వాత ఆమె బొమ్మ ముఖాన్ని తడిమింది. "నాయనా, నీ మొకం ఎట్లుంటాదిరా?"

మర్నాటికి నా బొటనవేలి గోరు నల్లబడింది. అంతకు ముందురోజు ఎద్దు తొక్కిన సంగతి దాచి, రాణి చూపేనని ఊరంతా చెప్పాను. ఇప్పుడు నా పిల్లలకూ అదే చెబుతాను. చెబుతూ చెబుతూ వాళ్ల ముఖాలు తడుముతాను. మొగుడి పట్ల ధర్మమని, కన్నబిడ్డల ముఖాలే చూడని తల్లి ఆ రాణి. గోరు కథ నేను అల్లింది. ఆ చూపుకు పడ్డ భయం మాత్రం నిజం.