సంచి మూతకింద ఆరు పేర్లు

ప్రొద్దుటూరులో కుట్టుమిషన్ల ఏజెంటు ప్రేమయ్య రమ్మని కబురు పంపేసరికి ఆదెన్నకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి! రెండేళ్ల కిందట సొంత మగ్గం అమ్మి, యాభై రూపాయలు డిపాజిట్టు కట్టి, ఆ మహానుభావుడి దగ్గర మిషన్లు అమ్మే పనికి కుదిరాడు. ఏడు నెలలకే మగ్గమూ పోయె, డిపాజిట్టూ పోయె. ఇప్పుడు ఊళ్లో ఎవరి మగ్గం మీదనో కూలికి నేస్తున్నాడు.

"వాన్ని ఏడిపించకుండా సస్తే నా కట్టె కాలదు" అని భార్య బసమ్మతో ఎన్నిసార్లు అన్నాడో!

ప్రేమయ్యకు కావలసింది చిన్న సాయమే. రాయచోటి నుంచి నరసన్న అనే నేతగాడు అదే పనికి వచ్చాడు. మగ్గం అమ్మిన డబ్బు మొలలో దోపుకొని, పాతవాడి మాట వింటేగాని డిపాజిట్టు కట్టనంటున్నాడు.

"మంచి పని అని ఒక్క మాట చెప్పప్పా. నీ యాభై నీకిస్తా" అన్నాడు ప్రేమయ్య.

"ముందు చేతిలో పెట్టు సామీ."

పెట్టాడు. ఆదెన్న నోట్లు పంచె కొంగున ముడేసుకొని నరసన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నెలకు నాలుగు మిషన్లు అమ్మల్లంట. అయితదా?"

"నీకు ఏ తాలూకా ఇస్తాండారు?"

"మా రాయచోటే."

"నాకూ అదే ఇచ్చినారు. ఆడ దర్జీలు ఎంతమంది?"

నరసన్న వేళ్లు మడిచాడు. "తొమ్మిది మంది. ఏడుగురికి మిషన్లు ఉండాయి."

"ఇంక ఇద్దరు. మొదటి నెలలో వాళ్లకు అమ్ముతావు. రెండో నెల ఎవురికి? వానల్లేని సీమలో నెలనెలా కంతులు కట్టేటోడు యాడ దొరుకుతాడు? బేరాలయ్యే ప్రొద్దుటూరు బజారు సామి బామ్మర్దికి!"

"ఏందప్పా ఆ మాటలు!" ప్రేమయ్య గబుక్కున లేచాడు.

"కూర్చో సామీ, ఇంకా ఉండాది. కమీషను మిషనుకు పది రూపాయలు, నిజమే. అది కొన్నోడి ఆఖరి కంతు, పద్దెనిమిదోది, ముట్టినాకనే. మనం నడమ మానుకుంటే ఆ పదీ ఈయప్పకే. వరసగా మూడు నెలలు, నెలకు నాలుగు అమ్మకపోతే డిపాజిట్టూ ఈయప్పకే. మనం నిలిస్తే కాదు తమ్ముడూ, పోతేనే ఈయనకు లాభం!"

"పాతోళ్లు ఎంతమంది పోయినారు?" అడిగాడు నరసన్న.

"ఇద్దరే. సోమరిపోతులు" అన్నాడు ప్రేమయ్య.

మిషన్లు అమ్మబోయేవాళ్లు భుజాన మోసే తోలు సంచి గోడ మేకుకు వేలాడుతోంది. ఆదెన్న దాన్ని దించి మూత తిప్పాడు. నేసిన గుడ్డ చివర తన గుర్తు పెట్టనిదే నేతగాడు దాన్ని మగ్గం దించడు. ఆ అలవాటు సంచి మోసేటప్పుడూ పోలేదు. మూతకింద సిరాతో, దాన్ని మోసి పోయిన ఆరుగురి పేర్లు, ఒక్కోదాని పక్కన పనిలో చేరిన నెల. సంచి మోసినవాళ్లకే కనిపించే చోటు కాబట్టి ప్రేమయ్య ఏనాడూ చూడలేదు.

నరసన్న మొల తడుముకొని, దండం కూడా పెట్టకుండా మెట్లు దిగిపోయాడు. పొద్దుగూకేసరికి ఆ ఆరు పేర్లూ నేతగాళ్ల వీధులన్నీ చుట్టొచ్చాయి.

ఆ తర్వాత డిపాజిట్టు కట్టడానికి ఒక్క పురుగూ రాలేదు. కంపెనీవాళ్లు మాత్రం రాయచోటిలో అమ్మాల్సిన నెలకు నాలుగు మిషన్లూ ప్రేమయ్యనే అడిగారు. నడివేసవిలో మిషన్ల పటాలు చంకన పెట్టుకొని రాయచోటి దారి పట్టాడు. ఆదెన్న ఎదురొచ్చి నిలబడి నోరారా అడిగాడు.

"ఏం సామీ, ఈ నెల ఎన్ని అమ్మినావు?"