సగం అంటే ఎందులో సగం?

కోసాడ్ కాలనీ పక్కన నా క్లినిక్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడి మరమగ్గాల మీద పనికి వలస వచ్చిన తెలంగాణ వాళ్లు. వాళ్లలో ఒకాయన, గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డాక బీడీ మానేసిన మనిషి, ఆ రోజు నా ఎదుట కూర్చోగానే గుప్పున బీడీ వాసన కొట్టింది.

మళ్లీ మొదలుపెట్టారా అని అడిగితే దాచలేదు. ఫోన్ తీసి ఒక తెలుగు వార్త చూపించాడు. పొగతాగేవాళ్లకు వణుకుడు జబ్బు ముప్పు సగమేనట! పెద్ద అక్షరాలు, పక్కన నవ్వుతున్న ముసలాయన బొమ్మ.

"మా నాయిన గిట్లనే వణికి వణికి పోయిండు మేడం. చేతులు వణికితే తెగిన పోగు ఎట్ల ముడేస్త? అందుకే రోజుకు రెండు తాగుతున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ వార్త రాసినవాళ్ల మీద. కిందిదాకా చదివాను. ఎంతమందిలో ఎంతమందికి వస్తుందో ఒక్క ముక్క లేదు. తాగేవాళ్లనూ తాగనివాళ్లనూ పోల్చి చూశారంతే, బీడీయే ఆ జబ్బును ఆపిందని రుజువు కాలేదు. ఆ మాటా లేదు. గుండె ఊసే లేదు. ఇలాంటి రాతలకు సిగ్గుండాలి.

మందుల చీటీ వెనక్కి తిప్పి, ఇవి అసలు అంకెలు కావు, లెక్క తెలియడానికే అని ముందే చెప్పాను. మీ వయసు మగవాళ్లు వెయ్యిమంది. ఎవరూ తాగకపోతే పదేళ్లలో ఇద్దరికి వణుకుడు వస్తుందనుకుందాం. అందరూ తాగితే ఒక్కరికి. సగమైంది, వార్త అబద్ధం కాదు. కానీ తగ్గింది వెయ్యిమందిలో ఒక్కరు. అదే వెయ్యిమందిలో తాగకపోతే ఇరవైమందికి గుండెపోటు, తాగితే రెట్టింపు అనుకుందాం. అంటే నలభై. సగం, రెట్టింపు వినడానికి సమానంగానే ఉంటాయి. మనుషులను లెక్కపెడితే అక్కడ ఒకరు తగ్గారు, ఇక్కడ ఇరవైమంది పెరిగారు. పైగా మీకు ఒకసారి వచ్చింది కాబట్టి మీ ముప్పు ఇంకా ఎక్కువ అన్నాను.

ఆయన చీటీని తన వైపు లాక్కున్నాడు.

"అంటే ఒక్కడు వణకకుండ ఉండేతందుకు ఇరవైమంది గుండెలు ఆగాల్నా?"

ఆ ఒక్కడికైనా బీడీ వల్లే మేలు జరిగిందో లేదో తెలియదన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆ వార్తను తమ గదిలో ఉండే తోటి పనివాళ్లందరికీ తానే చదివి వినిపించాడట. మానేసిన ఇద్దరు మళ్లీ కాల్చడం మొదలుపెట్టారట. అక్కడే, నా ముందే, గదివాళ్ల గ్రూపులో మాట రికార్డు చేసి పంపాడు.

"జర వినుర్రి. సగం తగ్గుతదని ఎవడన్న రాస్తే, ఎంతమందికి వస్తే ఎంతమందికి తగ్గిందో అడుగుర్రి. నేను అడగలే. ఆగబోయి బతికిన గుండెకు మల్ల పొగ పెట్టిన."