సంతకు రమ్మన్నాను

తెలుగు బ్లాగులు కొత్తగా వచ్చిన రోజులవి. ఆదివారాలు భద్రాచలంలో ఇంటర్నెట్ షాపుకెళ్ళి మా గూడెం కబుర్లు రాసేదాన్ని. ఒకసారి విత్తనాల పండగ గురించి రాశాను. పండగ రోజుల్లో మా ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా తాడు పట్టి బండ్లు ఆపుతారు, వచ్చినవాణ్ణి ఆటపట్టించి, చందా ఇచ్చాకే వదులుతారు. తాడు పట్టుకున్న మా చెల్లి ఫోటో కూడా పెట్టాను.

దాని కింద పేరు లేనివాడొకడు తగులుకున్నాడు. ఇప్పసారా తాగి రాశావా అన్నాడు. తాగితే ఇంకా బాగా రాసేదాన్నన్నాను. చదివేవాళ్ళు పడిపడి నవ్వారు. ఆ నవ్వు నా తలకెక్కింది. పట్టించుకోకు, వాడే పోతాడని ఒక పెద్దాయన రాసినా వినలేదు. తాడు దగ్గర ఆగినవాడితో ఆడినట్టే ఆడాను.

తర్వాత వాడు ఫోటోలో ఉన్న చెల్లి మీద వెకిలి రాతలు మొదలుపెట్టాడు. ఆమె గూడేలు తిరిగి టీకాలు వేసే నర్సు. నేను ఊరుకుంటానా! మంగళవారం మా సంతకు రండి, మా చెల్లి పిచ్చికి కూడా సూది వేస్తుందని రాశాను. అంత మంచి జవాబు జన్మలో రాయలేదనుకున్నాను.

పై ఆదివారం చెల్లిని వెంటబెట్టుకుని వెళ్ళాను, నా తెలివి చూపిద్దామని. నా జవాబు కింద వాడి కొత్త వ్యాఖ్య ఉంది. "వచ్చాను. నీలం గొడుగు. వాగు దాకా ఒక్కతే నడిచింది."

ఆ గొడుగు చెల్లి కొని వారమైనా కాలేదు, ఫోటోలో లేదు.

చెల్లి మొదటినుంచీ అన్నీ చదివింది. ఒక్కదానికీ నవ్వలేదు.

"అక్కా, తాడు కాడ ఆగినోని మొఖం మనకు కనబడ్తది. వీని మొఖం నీకు కనబడ్తలేదు. నేను వానికి కనబడ్తున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. నన్నంటే ఒక్కసారి జవాబిచ్చి ఊరుకోవచ్చు, వాడికి కావలసింది మన అరుపే అయితే అసలు పలకకపోవచ్చు. మాట ఇంకొకరి మీదికి వెళ్ళాక జవాబివ్వడం నా ఒక్కదాని ఇష్టం కాదు, ఆమెను అడగాలి. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

ముందు అన్నీ ప్రింటు తీయించి పోలీస్ స్టేషన్లో ఇచ్చాం. తర్వాత ఫోటో తీసేశాను, వాడి వ్యాఖ్యలూ నా జవాబులూ తుడిచేశాను. బ్లాక్ చేద్దామంటే వాడికో పేరుంటేగా! పేరు లేని వ్యాఖ్యలు రాకుండా మూసేసి, మిగతావి నేను చూశాకే కనబడేలా పెట్టాను.

మంగళవారం చెల్లితో నేనూ సంతకు వెళ్ళాను. ఉప్పు అమ్మేవాడు, ఆటో నడిపేవాడు, మా బళ్ళో చదివినవాడు, అందరూ తెలిసినవాళ్ళే. "బాగున్నవా అక్కా?" అని ఒక్కొక్కరే పలకరిస్తుంటే, వీళ్ళలో వాడెవడో అని వాళ్ళ మొహాల్లోకి చూస్తూ నిలబడ్డాను. ఒక్కరికీ బాగున్నానని చెప్పలేకపోయాను.