మెయిల్‌ను మెసేజ్‌గా మార్చిన రోజు

కరోనా రెండో విడత సూరత్‌లో కాస్త నెమ్మదించిన రోజులవి. ఉధ్నాలో ఒక నూలు వ్యాపారి దగ్గర నేను లెక్కలు చూసేదాన్ని. డిండోలిలో నాలుగు సాంచలు, అంటే మర మగ్గాలు, నడిపే ఒక తెలుగాయన మా దగ్గర నూలు తీసుకుని బాకీ పడ్డాడు. మూడు మెయిళ్లు పంపినా ఉలుకూ పలుకూ లేదు.

సేఠ్ చివరి మెయిల్ చూపించి, "ఇంత పొడుగు ఎవరు చదువుతారు? మెసేజ్ చేసి పంపు, మీ భాషలోనే" అన్నాడు హిందీలో.

అది ఇంగ్లీషు మెయిల్. పాత పరిచయం గురించి ఒక పేరా, వడ్డీ గురించి ఒకటి, వకీలు నోటీసు గురించి మరొకటి. అన్నీ తీసేశాను. మోసమనుకోకుండా మొదట మా కొట్టు పేరు పెట్టాను. తర్వాత ఆయన పేరు రాసి, "నమస్తే. 212 నంబరు బిల్లు బాకీ రూ.38,400. జూన్ 30 లోపు ఈ లింకులో కట్టగలరు" అని, కింద లింకు పెట్టి పంపాను.

ఆ మధ్యాహ్నమే ఒకామె ఫోన్ చేసింది.

"గీ మెసేజ్ మీరే పంపిన్రా?"

"అవునక్కా. సారు లేరా?"



"మా ఆయన పోయి రెండు నెలలాయె బిడ్డా. దవాఖానలనే పానం పోయింది. ఫోన్ నా దగ్గర్నే ఉన్నది. మెయిల్లు గియిల్లు నాకు తెల్వయి. ఇది తెలుగుల ఉన్నదని చదివిన. లింకు ముట్టుకుంటె పైసలు పోతయేమోనని ముందుగాల ఫోన్ జేసిన."

"మంచిగ జేసిన్రక్కా. మీ ఇంట్ల బిల్లుంటది. నంబరు, పైసలు కలిస్తెనే కట్టుర్రి."

"కలిసినయి బిడ్డా. ఎగ్గొట్ట. కని రెండు సాంచలే నడుస్తున్నయి. సగం ఇప్పుడు కడ్త, తక్కింది రాఖీ పున్నం దాటినంక. జర మీ సేఠ్‌కు చెప్పు."

చెప్పాను. సేఠ్ మెయిళ్ల తేదీలు తనే తెరిచి చూశాడు. మూడూ ఆయన పోయాక వెళ్లినవే. మెయిల్ మూసేశాడు. "వడ్డీ వద్దు. ఆమె అన్నట్టే చెయ్యి" అన్నాడు.

పాత లింకు మొత్తం బాకీకి చేసింది. దాన్ని రద్దు చేసి, సగానికి కొత్తది తయారుచేశాను. పాత మెసేజ్‌నే దిద్దబోతే ఆయన పేరు దగ్గర వేలు ఆగిపోయింది. అది చెరిపి "అక్కా, నమస్తే" అని రాశాను. ఓదార్పుగా ఒక వాక్యం చేర్చి, మళ్లీ తీసేశాను. బాకీ పక్కన ఆ మాట ఉండకూడదనిపించింది. కట్టాల్సిన సగం సొమ్ము, తేదీ, లింకు మాత్రం పంపి, ఫోన్ చేశాను.

ఏమనాలో తోచక, "తిన్నరా అక్కా?" అన్నాను.

అంతసేపూ నిబ్బరంగా మాట్లాడిన మనిషి, ఆ మాటకు ఏడ్చేసింది. నేను ఫోన్ పెట్టకుండా వింటూ కూర్చున్నాను.

మర్నాడు సగం డబ్బు జమైంది. పండుగ తర్వాత మిగతాది కట్టి, నాలుగు సాంచలకూ సరిపడా నూలు పంపమని అడిగింది.