మూడు సూదుల తర్వాత

గౌహర్ పుట్టింది ఆదిలాబాద్ పట్టణంలో. ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. నర్సు ఉద్యోగం మాత్రం అడవి అంచున ఉన్న చిన్న దవాఖానాలో, పిల్లల వార్డులో. వానాకాలం వచ్చిందంటే ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. జ్వరం తగ్గిందనగానే బిడ్డను చంకన వేసుకుని వెళ్లిపోయేవాళ్లను చూసి చూసి ఆమెకు ఓపిక అడుగంటింది.

ఆ ఏడు పత్తి కలుపు రోజుల్లో, పొద్దున్నే కరుణాకర్ అనే రైతు నాలుగేళ్ల కూతురు రుచితను ఎత్తుకొచ్చాడు. వెంట అతని తల్లి గంగుబాయి. భార్య పచ్చి బాలింత, ఇంటి దగ్గరే ఉండిపోయింది. పిల్లకు దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, పిలిస్తే పలకడం లేదు. రక్తపరీక్షలో మలేరియా, అందులోనూ మెదడుకెక్కే రకం.

డాక్టర్ విద్యాధర్ ముందు బరువెంతో అడిగాడు. పిల్ల నిలబడే స్థితిలో లేదు. గంగుబాయిని మనవరాలితో కలిపి తూచి, తర్వాత ఒక్కదాన్నే తూచి తీసేస్తే పన్నెండు కిలోలు తేలింది. ఇరవై కిలోల లోపు పిల్లలకు కిలోకు మూడు మిల్లీగ్రాముల ఆర్టిసునేట్ సూది మందు. ఆపైన బరువుంటే కిలోకు రెండు పాయింట్ నాలుగు. చిన్నపిల్లల ఒంట్లో మందు తొందరగా కరిగిపోతుంది గనుక వాళ్లకు కిలో లెక్కన ఎక్కువ పడుతుంది. రుచితకు ముప్పై ఆరు మిల్లీగ్రాములు. సీసాలో ఉండేది అరవై. గౌహర్ పొడిని కలిపి, పలచన చేసి, లెక్క ప్రకారం మూడు పాయింట్ ఆరు మిల్లీలీటర్లు సిరంజిలోకి లాగి నరంలోకి మెల్లగా ఎక్కించింది. మిగిలింది పారబోస్తుంటే కరుణాకర్ అడ్డుపడ్డాడు.

"అక్కా, గది పొద్దుమీకి సూదికి పనికొస్తది గదా?"

కలిపిన మందు గంట దాటితే పనికిరాదని చెప్పింది. అతను నమ్మినట్టు కనిపించలేదు.

రెండో సూది పన్నెండు గంటల తర్వాత, సాయంత్రం. ఆ తర్వాత పిల్ల కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. కరుణాకర్ అప్పుడే సంచి సర్దాడు. ఇంటి దగ్గర బాలింత ఒక్కతే ఉన్నదని, చేనంతా గడ్డి పట్టిందని నసిగాడు. లేచి కూర్చున్నా సరే మూడు సూదులు పడాల్సిందేనని గౌహర్ తెగేసి చెప్పింది. మూడోది మర్నాడు పొద్దున పడింది. మధ్యాహ్నం పిల్ల జొన్న గట్క తిన్నది, కక్కలేదు. ఆ సాయంత్రం గోలీలు మొదలుపెట్టారు.

కరుణాకర్‌కు అసలు చిరాకు అక్కడే వచ్చింది.

"సూదిల ఉన్న మందే గోలీల ఉన్నదంటివి. జరం పోయింది. మల్ల మూడు దినాలు ఎందుకు?"

"సూది మందు తొందరగ కొడ్తది అన్నా, గంతే తొందరగ ఒంట్లకెళ్లి పోతది. మిగిలిన పురుగు మల్ల లేస్తది. ఈ గోలీలతోని ఇంకో మందు కలిపి ఇచ్చినం. మూడు దినాలు మింగితెనే పని ఖతమైతది."

అతను తలూపాడు. మంచాలు చాలక మర్నాడు విద్యాధర్ వాళ్లను ఇంటికి పంపాడు. మిగతా రెండు రోజుల గోలీలు ఇచ్చి, రెండు వారాలకు రక్తం చూపించాలని, ఈ సూది పడ్డ పిల్లలకు ఒక్కోసారి తర్వాత రక్తం తగ్గుతుందని చెప్పాడు.

గౌహర్‌కు మనసు నిలవలేదు. ఫోన్ చేస్తే కలవలేదు. మర్నాడు సెలవు కావడంతో బస్సెక్కి ఆ ఊరికి పోయింది. రుచిత వాకిట్లో ఆడుకుంటోంది. గోలీల పొట్లం విప్పకుండా ఉట్టి మీద ఉంది.

"దీనికి మంచిగైంది బిడ్డా," అన్నది గంగుబాయి. "చిన్నోనికి జరమొస్తే ఉంటయని దాచిపెట్టిన."

ఉట్టి మీది పొట్లం కన్నా ఆ మాటే గౌహర్‌ను ఎక్కువ మండించింది. "నెల నిండని పసిగుడ్డుకు గీ గోలి ఏస్తవా అవ్వా?" అని మాత్రం అన్నది. నిన్న వేయాల్సిన గోలీలు అప్పుడే తానే నూరి, చెంచాడు నీళ్లలో కలిపి పట్టింది. వాంతి అవుతుందేమోనని అరగంట కూర్చుంది. మర్నాటిది వేయమని తల్లికి, నాయనమ్మకు ఇద్దరికీ చెప్పి, ఊరి ఆశా కార్యకర్తకూ చెప్పి వచ్చింది. బస్సులో వస్తుంటే తన మీద తనకే విసుగు పుట్టింది. ఒక్క పిల్ల వెంట పడగలిగింది. మిగతావాళ్ల ఇళ్లలో ఎన్ని ఉట్ల మీద ఎన్ని పొట్లాలున్నాయో.

రెండు వారాలు దాటినా వాళ్లు రాలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాక కరుణాకర్ పిల్లను తీసుకుని వచ్చాడు, అదీ ల్యాబ్ మూసి ఉన్న ఆదివారం. తిరిగిపోతానంటే గౌహర్ బతిమాలి, తిట్టి, సోమవారం దాకా ఆపింది. రక్తం కాస్త తగ్గింది, ఎక్కించాల్సినంత కాదు. స్లైడులో మలేరియా పురుగు లేదు.

"ఆఖరి దినం గోలి ఏసిండ్రా?" అడిగింది.

"అవ్వ ఏసిందంట," అన్నాడు కరుణాకర్, పక్కకు చూస్తూ.

ఆమె ఆ మాట నమ్మలేదు. స్లైడును నమ్మింది. కరుణాకర్ ఒక రోజు ఆగాల్సి వచ్చిన చిరాకు మొహంతోనే పిల్లను భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు. గౌహర్ వార్డులోకి తిరిగి వచ్చి చేతులు కడుక్కుంది.