పులుసులో ఉప్పు సరిపోయింది

కంచరపాలెం రత్నంగారికి వంట రాదని మా అక్కతో చెప్పింది నేనే. అది అబద్ధం. అందుకే ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను.

విశాఖలో స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. భార్య పోయిన నాకు అక్క ఈ సంబంధం చూసింది. మొదటి రెండుసార్లు వెళ్లినప్పుడు నవ్వుకుంటూ తిరిగొచ్చాను. మూడోసారి రత్నం కవళ్ల పులుసు పెట్టి, నాకు పంటినొప్పని గమనించి, చేపల ముళ్లన్నీ తీసి పళ్లెంలో వేసింది. రెండు ముద్దలు తిన్నాను. "ఉప్పెక్కువైంది" అని లేచిపోయాను. అయినా దారిలో తినమని కేరేజీ కట్టిచ్చింది. పలాస రైలెక్కగానే తప్పించుకున్నానన్న హాయి. విజయనగరం దాటేసరికి ఆ హాయి పోయి దిగులు మిగిలింది.

తర్వాత వెళ్లనేలేదు. కేరేజీ మాత్రం నా అలమరలో ఉండిపోయింది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఆఖరికి దాన్ని జీడిపప్పుతో నింపి పలాసలో ఉదయం పాసింజరెక్కాను.

ఎదురుగా కూర్మన్నపాలెం వెళ్లే తాపీమేస్త్రి కూర్చున్నాడు. "ఏటి బావా, కేరేజీని సంటిబిడ్డలా ఎత్తుకున్నావ్?"

"ఒకరిది. ఇచ్చేసి వచ్చేస్తాను."

"కూకోకుండానా? దానికి రైలెందుకు, పార్సిలు కట్టెయ్!"

పెట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం విశాఖలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, కంచరపాలెం సిటీ బస్సెక్కాను. రత్నం ఇంటి ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. నేను మాత్రం ఎదురుగా ఉన్న సోడా కొట్టులోకి దూరాను.

"ఇది ఆవిడకిచ్చేయండి."

కొట్టాయన చెయ్యి చాపాడు. వెంటనే ఒళ్లంతా హాయిగా తేలికపడింది. ఆ హాయిని గుర్తుపట్టాను. ఉప్పెక్కువైందన్నాక రైల్లో కలిగింది ఇదే. దీని వెనక ఏమొస్తుందో కూడా నాకు తెలుసు. కేరేజీ వెనక్కి లాక్కున్నాను.

"ఇత్తన్నావా, పట్టుకెల్తన్నావా?" అన్నాడాయన.

రోడ్డు దాటాను. మిషను ఆగింది.

"రత్నంగారూ, ఆరోజు ఉప్పు సరిపోయింది. మీరు ముళ్లు తీసి పెట్టారని భయమేసింది. అలవాటు పడ్డాక మీరూ లేకపోతే ఎలాగని. అందుకే వంక పెట్టాను. మా అక్కకీ అలాగే చెప్పాను."

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "మీరెల్లినకాడ్నించీ ఉప్పు తగ్గించి వండతన్నానండీ. మాయమ్మ రోజూ తిడతంది."

సిగ్గుపడుతూ జీడిపప్పు కేరేజీ ఆవిడ ముందు పెట్టాను.

"మీయక్కగారికి నిజం సెప్పండి ముందు. భోంచేసే ఎల్లండి."

తిన్నాను. రెండుసార్లు గడియారం వైపు చూశాను.

"బండికి ఇంకా టైముందండీ" అని నవ్వింది. నేనూ నవ్వి, మళ్లీ వడ్డించమన్నాను.

సాయంత్రం బయల్దేరుతుంటే కేరేజీ మళ్లీ నా చేతికొచ్చింది, నిండుగా.

"ఈసారి ముళ్లు తియ్యలేదు. బయపడకండి."

విజయనగరం దాటాక మూత తీశాను. ఒక్కో ముల్లూ ఏరుకుంటూ, పక్కవాళ్లు నవ్వుతుంటే, పలాస వచ్చేదాకా తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. కేరేజీ మళ్లీ నా దగ్గరే ఉంది.