ఆరుంబావుకా, ఏడూ ముప్పావుకా

మా ఆయన పాల వ్యాను తోలుతాడు. పుంగనూరు నుంచి కుప్పానికి పాల పాకెట్లు తీసుకెళ్ళి, అంగళ్ళు తెరిచే వేళకు దించి రావాలి. రాత్రి రెండున్నరకు వ్యాను కదలాలంటే రెండింటికి లేవాలి. మధ్యాహ్నం మళ్ళీ రామసముద్రం వైపు పల్లెలకు పోయి పాల క్యాన్లు ఎత్తుకొస్తాడు. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదున్నర, ఒక్కోరోజు ఆరున్నర. అప్పుడు స్నానం, రెండు ముద్దలు, పడక. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఇద్దరి రోజులూ ఒకదాన్ని ఒకటి తాకకుండా నడిచేవి.

రెండింటికి అలారం మోగితే ఆయన లేచే తీరు చూడలేకపోయేదాన్ని. మంచం మీద కూర్చుని, తాను ఎక్కడ ఉన్నాడో తెలియనట్టు గోడ వైపు చూసేవాడు. చొక్కా తిరగేసి తొడిగేవాడు. ఒకసారి నేనిచ్చిన కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిద్రపోయాడు, కాఫీ ఒళ్ళో పడింది.

మదనపల్లెలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే మా అమ్మాయి సెలవుకి వచ్చినప్పుడు ఇది చూసింది. ఫోన్లో ఏదో వెదికి చెప్పింది.

"అమ్మా, నిద్ర చుట్లు చుట్లుగా వస్తాదంట. ఒక్కో చుట్టు తొంభై నిమిషాలు. చుట్టు నడిమధ్యలో, గాఢంగా పడుకోని ఉండంగా లేపితే నాయన మాదిరి మొద్దుగా లేస్తారంట. చుట్టు అయిపోయినాక లేస్తే తేటగా ఉంటాదంట."

నాకది చాలా నచ్చింది. అంకెలుంటే చాలు, నాకు నమ్మకం. రెండు గంటల నుంచి వెనక్కి లెక్కపెట్టాను. ఐదు చుట్లంటే ఏడున్నర గంటలు, సాయంత్రం ఆరున్నర. నిద్ర పట్టడానికి పావుగంట తీసేస్తే ఆరుంబావు. నాలుగు చుట్లంటే ఆరు గంటలు, అదే పావుగంట తీసేస్తే ఏడూ ముప్పావు. రెండు అంకెలూ పెద్దగా రాసి బీరువా తలుపుకి అతికించాను.

ఆయన నవ్వాడు. "నిద్రకు కూడా బస్సు టైములు పెట్టినావే" అన్నాడు. కానీ పాటించాడు. మొదటి వారంలో రెండు రోజులు తేటగా లేచాడు, ఐదు రోజులు ఎప్పటిలాగే లేచాడు. ఆ రెండు రోజులే నాకు గుర్తుండిపోయాయి. తక్కిన ఐదింటికి ఏదో ఒక తప్పు ఆయన మీద మోపాను. ఆలస్యంగా పడుకున్నాడనో, ఫోను చూశాడనో.

ఆరుంబావుకి పడుకున్నా నిద్ర పట్టడం ఆయన చేతిలో లేదు. వీధిలో పిల్లల ఆటలు, పక్కింటి టీవీ, కిటికీ బయట ఇంకా వెలుతురు. కళ్ళు మూసుకుని పడుకునేవాడు, నిద్ర రాదు. పావుగంట అని నేను రాసింది గంటయ్యేది. ఆ లోపల నేను గడియారం చూసి, "ఇంకా పట్టలేదా?" అని అడిగేదాన్ని. అడగడంతోనే వచ్చే నిద్ర కూడా పోయేదేమో.

ఒక సాయంత్రం ఆయన ఆరు నలభైకి వచ్చాడు. పల్లెలో వ్యాను పంక్చరైందట. అన్నం తింటుండగానే తల వాలిపోతోంది. ఏడు కొట్టింది.

"పండుకుంటా మే, కండ్లు మూసుకుపోతాండాయి."

"ఇప్పుడు వద్దు. ఇప్పుడు పండుకుంటే రెండింటికి చుట్టు మధ్యలో లేయాల్సొస్తాది. ముప్పావు గంట ఓర్సుకోండి."

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. బయట అరుగు మీద కూర్చున్నాడు. ఏడూ ముప్పావుకి నేను పిలిచేసరికి నిద్ర ఎగిరిపోయింది. మంచం మీద ఇటూ అటూ పొర్లుతూ తొమ్మిదిన్నర దాకా మేలుకునే ఉన్నాడు. రెండింటికి లేపాను. కాఫీ తాగి వెళ్ళాడు.

నాలుగున్నరకు ఫోను వచ్చింది. పలమనేరు దాటాక ఒక మలుపులో వ్యాను రోడ్డు దిగి కల్వర్టు గోడని కొట్టుకుంది. ఎదురుగా ఎవరూ రాలేదు, అదొక్కటే అదృష్టం. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. "కండ్లు ఎప్పుడు మూతపడినాయో తెలీలా" అని ఆయన చెప్పిందల్లా అంతే. ఆపుకున్న ముప్పావు గంట గురించి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

మదనపల్లెలో చూపించాం. కట్టు కట్టిన డాక్టరు వయసులో పెద్దాయన. ఎలా జరిగిందని అడిగితే, నా లెక్కంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"తొంభై అనేది సగటమ్మా. ఒకరికి డెబ్బై నిమిషాలే, ఇంకొకరికి నూట పది దాటొచ్చు. అదే మనిషికి ఒకే రాత్రిలో మొదటి చుట్టు ఒక మాదిరి, నాలుగోది ఒక మాదిరి. గాఢనిద్ర ఎక్కువగా మొదట్లోనే వస్తాది, చివర్లో కలల నిద్ర ఎక్కువ. పైగా నిద్ర ఎన్నింటికి పట్టిందో నీకెట్ల తెలుస్తాది? సాయంత్రం ఆరింటికి, ఏడింటికి ఒళ్ళు మేలుకోనుండే టైము, యాడ పడతాది నిద్ర?"

నేను అక్కడే మనసులో లెక్క చేశాను. చుట్టుకు పది నిమిషాలు తేడా వస్తే ఐదో చుట్టుకి యాభై నిమిషాలు. నేను సరిగ్గా చుట్టు చివర అనుకున్న చోటు నిజంగా చుట్టు నడిమధ్య కావచ్చు. తేడా పెరుగుతూ పోతుందని పిల్లలకు ప్రతి ఏడాదీ చెప్పే నేను, ఇంట్లో ఆ సంగతే మరిచాను.

"మరేం చేయాలి సార్?"

"నిద్రొస్తే పండుకోనీ. చుట్టు కోసం మేలుకోబెట్టొద్దు. రోజూ లేచే టైము ఒకటే ఉండనీ. ఎన్ని గంటలు పడుకున్నాడనేదే ముఖ్యం. ఆయనకు చాలడం లేదు, అంతే."

చాలడం లేదన్నది మాకు తెలుసు. ఎక్కడి నుంచి తేవాలో తెలియదు. మధ్యాహ్నం ట్రిప్పు ఇంకొకరికి ఇవ్వమని మా ఆయన ఓనర్ని అడిగాడు. "మనిషి దొరికితే సూస్తాలేప్పా" అన్నాడు ఓనరు. ఇంకా దొరకలేదు.

ఎముక అతుక్కున్నాక మొదటి రోజు నేను కూడా వ్యానెక్కాను. వద్దన్నాడు, వినలేదు. వి.కోట దాకా మాట్లాడుతూనే ఉన్నాను. తర్వాత ఆయన జవాబులు పొట్టివయ్యాయి. రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"ఇరవై నిమిషాలు పండుకుంటా. లేపు."

స్టీరింగు మీద తలపెట్టి క్షణంలో నిద్రపోయాడు. వెనక ట్రేలలో పాల పాకెట్లు చెమ్మగిల్లుతున్నాయి. కుప్పం అంగడి నుంచి ఫోను మోగింది, నేను శబ్దం తగ్గించాను. ఆయన మొహం వైపు చూస్తూ కూర్చున్నాను. కనురెప్పల కింద ఏం జరుగుతోందో, ఏ లోతులో ఉన్నాడో చెప్పే గుర్తేదీ లేదు. పద్దెనిమిదేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషి.

ఇరవై నిమిషాలయ్యాయి. ఇంకో ఐదు ఇచ్చాను. మళ్ళీ ఫోను. భుజం మీద, విరగని వైపు, చెయ్యి వేసి తట్టాను. కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టనట్టు చూశాడు, తాళం వైపు చెయ్యి పోనిచ్చాడు.

"ఆగండి, మత్తు వదలనీ" అన్నాను.

నీళ్ళ బాటిలు అందించాను. దిగి మొహం కడుక్కుని వ్యాను తలుపు దగ్గర నిలబడ్డాడు. తూర్పున ఇంకా తెల్లవారలేదు. ఎంతసేపు ఆగితే చాలో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. కాసేపటికి ఎక్కి వ్యాను తీశాడు. నేను కుప్పం దాకా ఆయన కళ్ళనే చూస్తూ పోయాను.